137 ప్రపోజళ్లు, 26 స్లాట్లు: కాన్ఫరెన్స్ షెడ్యూల్ తయారు చేయడంలో నా అనుభవం

హైదరాబాద్‌లో మేము పదిమందిమి కలిసి ప్రోగ్రామర్ల కోసం రెండు రోజుల కాన్ఫరెన్స్ నడిపాం. 2025 సెప్టెంబర్ 20, 21 తేదీల్లో, శని, ఆదివారాలు. అందరం వాలంటీర్లమే. ఎవరి ఉద్యోగాలు వాళ్లకున్నాయి. హాలు, భోజనాలు, స్పాన్సర్లు మిగతావాళ్లు పంచుకున్నారు. స్పీకర్ల ప్రపోజళ్లు తీసుకోవడం, రివ్యూ చేయించడం, షెడ్యూల్ వేయడం నా మీద పడింది. "నువ్వు ఎక్సెల్ బాగా చేస్తావు కదా" అన్నారు. ఎక్సెల్ అవసరం అందులో పదో వంతు కూడా లేదని తర్వాత తెలిసింది.

ప్రపోజళ్ల కోసం pretalx అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడాం. మా వాళ్లలో ఒకతను చిన్న సర్వర్ మీద పెట్టి ఇచ్చాడు. నెలకు 900 రూపాయల ఖర్చు. అందులో ప్రతి ప్రపోజల్‌కూ ఆరు అక్షరాల కోడ్ ఒకటి వస్తుంది. కోడ్ పక్కనే అది ఏ స్థితిలో ఉందో కనిపిస్తుంది: `submitted`, `accepted`, `rejected`, `confirmed`. ముఖ్యంగా ఈ నాలుగు మాటలే. నా మూడు నెలలు వీటి మధ్యే గడిచాయి.

జూన్ 2, సోమవారం సీఎఫ్‌పీ, అంటే ప్రపోజళ్లు తీసుకునే ఫారం, తెరిచాం. గడువు జూలై 13 ఆదివారం అర్ధరాత్రి. జూన్ నెలాఖరుకు వచ్చినవి 23. జూలై 10 నాటికి 46. మాకున్నవి 24 ప్రసంగాల స్లాట్లు, రెండు వర్క్‌షాపులు. 46లో బాగున్నవి ఎన్ని ఉంటాయిలే అని టెన్షన్ పడి, గడువు పొడిగిద్దామని గ్రూపులో మెసేజ్ కూడా పెట్టాను. ఇంతకుముందు ఇలాంటివి నడిపిన ఒక అన్న ఫోన్ చేసి, "పొడిగించకు తమ్ముడూ, ఆదివారం రాత్రి దాకా ఆగు" అన్నాడు. ఆగాను. చివరి మూడు రోజుల్లో 91 వచ్చిపడ్డాయి. అందులో 44 ఆదివారం రాత్రి తొమ్మిది దాటాకే. పొడిగిస్తే ఆ గుంపు కొత్త తేదీ ముందు రాత్రికి జరిగేదంతే.

ఇక్కడే నా మొదటి తప్పు బయటపడింది. అర్ధరాత్రి దాటాక ఫారం మూసుకుపోయిందా లేదా అని చూస్తే ఇంకా తెరిచే ఉంది. ఒంటిగంటకు ఒకటి వచ్చింది, రెండున్నరకు ఇంకొకటి. ఈవెంట్ సెట్ చేసిన రోజు టైమ్ జోన్ UTC, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే టైమ్, అని ఉంటే మార్చకుండా వదిలేశాను. దాంతో మా అర్ధరాత్రి కాస్తా తెల్లవారుజామున 5:29 అయింది. మూసేద్దామా అనుకున్నాను గానీ, ఫారం తెరిచి ఉందని నమ్మి కూర్చుని రాస్తున్నవాళ్ల మొహం మీద తలుపు వేయడం బాగోదనిపించింది. అలా వచ్చిన ఆరింటినీ తీసుకున్నాం. మొత్తం 137.

మర్నాడు ఒకాయన ఫోన్. "నాది లిస్టులో ఉందా అండీ?" లేదు. ఆయన రాసింది నిజమే, కానీ డ్రాఫ్టుగా సేవ్ చేసి, పంపే బటన్ నొక్కలేదు. డ్రాఫ్టు మా రివ్యూ లిస్టులోకి రాదు. ఆయన కోసం ఒక్కరోజు మళ్లీ తెరిస్తే మిగతావాళ్లకు ఏం చెప్పాలి? కుదరదన్నాను. ఆ ఫోన్ పెట్టేశాక చాలాసేపు మనసు బాగోలేదు.

రివ్యూ జూలై 14 నుంచి ఆగస్టు 2 వరకు. రివ్యూయర్లం ఏడుగురం. ఒక్కో ప్రపోజల్‌ను ముగ్గురు చూడాలంటే మొత్తం 411 రివ్యూలు, మనిషికి దాదాపు 59. ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు వేసుకున్నా ఎనిమిది గంటల పని. ఆఫీసు నుంచి వచ్చాక ఎనిమిది గంటలు అంటే రెండు వారాలు. వారం గడిచేసరికి 112 మాత్రమే అయ్యాయి. శ్రావణం రాగానే ఒకతని ఇంట్లో పెళ్లి పడింది. అతని వాటాలో 40 మిగిలిపోతే మేము ముగ్గురం పంచుకున్నాం. మళ్లీ చేస్తే ఏడుగురి పనికి తొమ్మిదిమందిని పెట్టుకుంటాను.

రివ్యూలో స్పీకర్ల పేర్లు కనపడకుండా పెట్టాం. సాఫ్ట్‌వేర్ పేరు దాస్తుంది, రాసిన మాటల్ని దాయలేదు. "నేను ఫలానా కంపెనీలో పన్నెండేళ్లుగా" అని వివరణలోనే మొదలుపెట్టినవాళ్లు ముప్పై మందికి పైగా ఉన్నారు. వాటిలో పేరూ ఊరూ తీసేసి రివ్యూయర్లకు చూపించడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. రివ్యూయర్లలో ఇద్దరు తామూ ప్రపోజళ్లు పంపారు. ఎవరిది వాళ్లకు కనపడకుండా చూశాం, వాటి మీద చర్చ వచ్చినప్పుడు వాళ్లను గదిలోంచి లేవమన్నాం.

ఇక మార్కుల సంగతి. ఈ మొత్తం వ్యవహారంలో నేను నేర్చుకున్న అసలు విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. అన్నీ వచ్చాక సగటు ప్రకారం వరుస పెట్టి చూశాను. KR7QTV అనే ప్రపోజల్ 46వ స్థానంలో ఉంది. కాలేజీ హాస్టల్ మెస్‌లో రోజూ ఎంత అన్నం మిగిలిపోతోందో లెక్కగట్టి, మర్నాటికి ఎన్ని కిలోల బియ్యం పోయాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్ గురించి అది. సెలవు ముందు రోజు, పరీక్షల రోజు, చికెన్ రోజు లెక్క ఎలా తప్పిందో, ఎలా సరిచేశారో విడివిడిగా రాసి ఉంది. నాకు చదవగానే నచ్చింది. కానీ దాన్ని రివ్యూ చేసిన ముగ్గురిలో నేను లేను. 24 తీసుకోవాల్సినచోట 46వదాన్ని నాకు నచ్చిందని పైకి లాగితే అది పక్షపాతం అవుతుంది. అయినా మనసు ఊరుకోక, దానికి మార్కులు ఎవరు వేశారో చూశాను.

దానికి వచ్చినవి 3, 3, 4. సగటు 3.33. వేసిన ముగ్గురూ మాలో చెయ్యి బిగువు మనుషులు. వాళ్లు మొత్తం వేసిన మార్కుల సగటు వరుసగా 2.1, 2.8, 3.0. అంటే మొదటి మనిషి చేతిలో 3 పడిందంటే అది మామూలు విషయం కాదు. ఎవరి సగటు మీద వాళ్లు ఎంత ఎక్కువ వేశారో తీస్తే 0.9, 0.2, 1.0 వచ్చింది. సగటున 0.7 ఎక్కువ. ఇప్పుడు దానికంటే చాలా పైన, నాలుగు మార్కులతో కూర్చున్న ఇంకో ప్రపోజల్ చూద్దాం. దానికి ముగ్గురూ నాలుగేసి వేశారు. కానీ ఆ ముగ్గురి మామూలు సగటు 4.1, 3.9, 3.4. తేడా చూస్తే ఒకరి చేతిలో 0.1 తక్కువ, ఒకరి చేతిలో 0.1 ఎక్కువ, ఇంకొకరి చేతిలో 0.6 ఎక్కువ. సగటున 0.2 మాత్రమే. ధారాళంగా మార్కులు వేసేవాళ్ల చేతిలో పడటం దాని అదృష్టం.

అన్నింటికీ ఇలా లెక్కవేస్తే KR7QTV 46 నుంచి 19కి వచ్చింది. ఇందులో ఒక మెలిక ఉంది. మేము ప్రపోజళ్లను ఎవరికి ఏది వెళ్లాలో చూడకుండా కలిపి పంచాం కాబట్టే ఈ లెక్క చెల్లింది. ఎవరికి తెలిసిన విషయం వాళ్లు ఏరుకుని ఉంటే, ఒకరి సగటు తక్కువగా ఉండటానికి కారణం వాళ్ల చెయ్యి కాకపోవచ్చు, ఆ విషయంలో వచ్చిన ప్రపోజళ్లే బలహీనమై ఉండవచ్చు. అప్పుడు ఇలా సర్దితే బలహీనమైనవి పైకి వస్తాయి.

ఆగస్టు 3, ఆదివారం మా ఇంట్లో కూర్చున్నాం. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఏడు దాకా. మార్కుల వరుసను పైనుంచి కిందకు కోసేస్తే అరగంట పని. కానీ క్లౌడ్ బిల్లు ఎలా తగ్గించాలో చెప్పే ప్రపోజళ్లే 14 వచ్చాయి. అందులో పైన ఉన్న రెండు తీసుకున్నాక, మూడోదానికి మంచి మార్కులున్నా వదిలేశాం. ఆ స్పీకర్ తర్వాత కారణం అడిగారు. "మీదాంట్లో తప్పేం లేదండీ, అదే విషయం మీద ఇంకా రెండున్నాయి" అని రాశాను. నాకు నిజాయితీగానే అనిపించింది, ఆయనకు మాత్రం తప్పించుకునే మాటలా అనిపించి ఉంటుంది. మొత్తానికి 26 తీసుకున్నాం, 8 వెయిటింగ్‌లో పెట్టాం, 103 కాదన్నాం. వెయిటింగ్‌కు వేరే స్థితి పెట్టలేదు. ఆ ఎనిమిదింటినీ `submitted` గానే ఉంచి ఒక ట్యాగ్ తగిలించాం.

ఆగస్టు 10, ఆదివారం రాత్రి స్థితులు మార్చేశాను. 26 `accepted`, 103 `rejected`. హమ్మయ్య అనుకుని పడుకున్నాను. సోమవారం ఒక్కరూ కన్ఫర్మ్ చేయలేదు. పండగల వారం, సెలవుల్లో ఉన్నారేమో అనుకున్నాను. మంగళవారం సాయంత్రం ఒకతను మెసేజ్ పెట్టాడు: "సార్, నా పేజీ తెరిచి చూస్తే రిజెక్టెడ్ అని ఉంది. కనీసం మెయిల్ అయినా పంపరా?"

పంపలేదు. స్థితి మార్చగానే సాఫ్ట్‌వేర్ ప్రతి ఒక్కరికీ మెయిల్ తయారు చేసి అవుట్‌బాక్స్‌లో పెడుతుంది. పంపాల్సింది మనం, ఇంకో బటన్ నొక్కి. తప్పు మెయిళ్లు వెళ్లిపోకుండా ఆపి చూసుకోవడానికి అలా పెట్టారు, మంచిదే. నేను ఆ పేజీయే తెరవలేదు. రెండు రోజులుగా మెయిళ్లన్నీ అక్కడే కూర్చుని ఉన్నాయి. చెవులు వేడెక్కాయి. ఆ అబ్బాయికి ముందు ఫోన్ చేసి క్షమాపణ చెప్పి, తర్వాత అన్నీ పంపాను. కన్ఫర్మ్ చేయడానికి గడువు ఆగస్టు 20కే ఉంచాం, రెండు రోజులు మావల్లే పోయినా.

మెయిల్ వెళ్తే పని అయిపోయినట్టు కాదని ఆ తర్వాతి పది రోజులు నేర్పాయి. మేము ఎంపిక చేయడం ఒకటి, స్పీకర్ "వస్తాను" అని లింకు నొక్కడం ఇంకొకటి. నొక్కితేనే స్థితి `confirmed` అవుతుంది. నొక్కని ప్రసంగాన్ని మనం షెడ్యూల్‌లో ఎక్కడ పెట్టినా బయటివాళ్లకు కనిపించదు. ఆగస్టు 18న మా వాళ్లలో ఒకమ్మాయి నడుపుతున్న షీటులో 20 మంది వస్తున్నారని ఉంది. సాఫ్ట్‌వేర్‌లో 17. ఎవరి లెక్క తప్పని రాత్రి పదకొండు దాకా ఒక్కో వరుసా సరిచూశాం. తేలిందేమిటంటే, ముగ్గురు మా మెయిల్‌కు జవాబుగా "థాంక్యూ, తప్పకుండా వస్తాను" అని రాసి ఊరుకున్నారు. ఆ అమ్మాయి మెయిళ్లు చూసి షీటులో ఎక్కించింది. వాళ్ల దృష్టిలో కన్ఫర్మ్ చేసేశారు. ఎవరిదీ తప్పు కాదు. రెండు చోట్ల లెక్క రాయడమే తప్పు. ఆ రాత్రే షీటు మూసేశాం.

20వ తేదీ రాత్రికి 19 కన్ఫర్మ్ అయ్యాయి. మిగిలిన ఏడుగురికి 21న లంచ్ టైమ్‌లో వరసగా ఫోన్లు చేశాను. ముగ్గురు ఆ థాంక్యూ మనుషులే, ఫోన్‌లో ఉండగానే నొక్కించాను. ఒకరికి మెయిల్ స్పామ్‌లో పడింది. ఒకాయనకు మేనేజర్ అనుమతి రావాలి, 23న వచ్చింది. ఇద్దరు రాలేమన్నారు: ఒకరిని క్లయింట్ పని మీద పుణె పంపుతున్నారు, ఇంకొకరు ఉద్యోగం మారారు, పాత కంపెనీ సంగతులు చెప్పకూడదు. వెయిటింగ్‌లో మొదటి మనిషికి ఫోన్ చేస్తే అప్పటికే ఇంకోచోట ఒప్పుకున్నారు. రెండో మనిషి వెంటనే సరే అన్నారు. మూడో ఆయన మాత్రం, "అంటే నేను ఎవరో రాకపోతే గుర్తొచ్చానన్నమాట" అన్నారు. అవునండీ అనలేక, కాదండీ అనలేక నీళ్లు నమిలాను. ఆయనే కాసేపటికి నవ్వి ఒప్పుకున్నారు. ఆగస్టు 25కి 26 నిండాయి. ఈ ఆలస్యానికి డబ్బు కూడా పోయింది. చెన్నై నుంచి వచ్చే స్పీకర్‌కు ఆగస్టు మొదట్లో చూసినప్పుడు 4,300 ఉన్న టికెట్, కొనేనాటికి 6,900 అయింది.

షెడ్యూల్ వేసింది వినాయక చవితి సెలవుల్లో. కింద మండపంలో మైకు, పైన నేను ల్యాప్‌టాప్‌తో. రెండు హాళ్లు, రెండు రోజులు, డబ్బాలు లాగి పెట్టడమే. ఒకే మనిషిని ఒకే టైమ్‌లో రెండు చోట్ల పెట్టినా, రాలేనని చెప్పిన టైమ్‌లో పెట్టినా సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది. హెచ్చరికలేవీ లేకుండా ఆగస్టు 31న మొదటి వెర్షన్ విడుదల చేశాను. ఈసారి అవుట్‌బాక్స్ తెరిచి, మెయిళ్లు పంపి, వెళ్లాయో లేదో రెండుసార్లు చూశాను.

సెప్టెంబర్ 1 పొద్దున KR7QTV నుంచి ఫోన్. కరీంనగర్ దగ్గర పాలిటెక్నిక్‌లో లెక్చరర్ ఆవిడ. ఆదివారం సాయంత్రం 4:15కి, చిన్న హాల్లో పెట్టాం.

"సార్, ఆ రోజు మాకు ఎంగిలి పూల బతుకమ్మ. సాయంత్రానికి ఊళ్లో ఉండాలె కదా."

క్యాలెండర్ తీసి చూశాను. నిజమే, సెప్టెంబర్ 21 అమావాస్య, బతుకమ్మ మొదలయ్యే రోజు. మా పదిమందిలో ఒక్కరికీ తట్టలేదు.

"మరి ఫారంలో ఎప్పుడు వీలవుతుందో రాయలేదేం మేడమ్?"

"అది రాయకపోయినా పోతది అని ఉండె సార్. సెలెక్ట్ అయితనో లేదో, అప్పుడే టైమ్ అడిగితే బాగుండదనుకున్న."

ఆ గడిని తప్పనిసరి చేయనిది నేనే. ఖాళీగా వదిలేస్తే ఎప్పుడైనా వస్తారని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది, అందుకే హెచ్చరిక రాలేదు. శనివారం పొద్దున బస్సెక్కితే జేబీఎస్‌లో దిగి మా హాలుకు చేరేసరికి పన్నెండవుతుందన్నారు. అంటే శనివారం మధ్యాహ్నం కావాలి.

శనివారం 2:25 స్లాట్ ఒకటి చూశాను. అందులో ఉన్నాయన హైదరాబాదే, ఏ రోజైనా సరే అన్నాడు. ఇద్దరినీ మార్చేస్తే అయిపోతుందనుకున్నాను. కానీ ఆయనది డేటాబేస్ వేగం గురించి. ఆదివారం 4:15కి పెద్ద హాల్లో ఉన్నదీ డేటాబేస్ ప్రసంగమే. వినేవాళ్లు ఒకటి వదులుకోవాలి. ఇలాంటిది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు, మనమే చదివి చూడాలి. అందుకని ఆయన్ను ఆదివారం 1:45కి జరిపి, అక్కడున్న మనిషిని 4:15కి అడిగాను. ఆ మూడో మనిషి, "నాకేం ఇబ్బంది లేదు బ్రో, భోజనం తర్వాత నిద్రపోయే జనం తప్పారు" అన్నాడు. సెప్టెంబర్ 2న రెండో వెర్షన్. ఆ ముగ్గురికే మెయిళ్లు.

చిన్న సవరణలతో మూడో వెర్షన్ 8న వచ్చింది. ఇక మారదని నమ్మి 12న షెడ్యూల్ ఫ్లెక్సీ ప్రింటుకు ఇచ్చాం. రెండు ఫ్లెక్సీలకు 1,800. 16న ఒక స్పీకర్‌కు జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోయి ఆసుపత్రిలో చేరారు. వెయిటింగ్‌లో నాలుగో మనిషి "నాలుగు రోజుల్లో స్లైడ్లు ఎట్లా అండీ" అన్నారు. ఐదో ఆవిడ దగ్గర స్లైడ్లు తయారుగా ఉన్నాయి, ఆఫీసులో అదివరకే చెప్పారట. రాత్రి పదింటికి లింకు నొక్కారు, పదిన్నరకు నాలుగో వెర్షన్ విడుదలైంది.

ఫ్లెక్సీ మీద మాత్రం పాత పేరే. మళ్లీ వేయించడానికి ఎవరికీ మనసొప్పలేదు. శనివారం పొద్దున ఎనిమిదింటికి నేను స్టూలెక్కి, ఏ4 కాగితం మీద కొత్త పేరు రాసి దాని మీద సెల్లోటేపుతో అంటించాను. కాగితం కొంచెం వంకరగా వచ్చింది. పన్నెండు దాటాక KR7QTV మేడమ్ భుజాన సంచితో వచ్చి, ఫ్లెక్సీ ముందు నిలబడి, 2:25 దగ్గర తన పేరు మీద వేలు పెట్టి చూసుకున్నారు.